120 కిలోల సకినాల ఆర్డర్: ఖర్చు షీట్‌లో ఏ లెక్క దేనితో పెరుగుతుంది?

ప్రశ్న: మాది నల్లగొండలో చిన్న పిండివంటల యూనిట్. మామూలుగా 5 కిలోల బియ్యంతో ఒక బ్యాచ్ సకినాలు చేస్తాం, 7 కిలోలు దిగుతాయి. బ్యాచ్ ఖర్చు ఇది: బియ్యం 220, నువ్వులు 135, వాము 15, ఉప్పు 2, నూనె 4 లీటర్లకు 560, గ్యాస్ 60, చుట్టే ఆమెకు 300, అరకిలో ప్యాకెట్లు పద్నాలుగింటికి 70, మొత్తం 1,362 రూపాయలు. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక పెండ్లికి 120 కిలోలు, అన్నీ అరకిలో ప్యాకెట్లలో, అడిగారు. 120ని 7తో భాగిస్తే 17.14 వచ్చింది. షీట్‌లోని అన్ని వరుసలను దానితో గుణించాను. మొత్తం 23,349 రూపాయలు, అంటే కిలోకు 195 పడుతోంది. 250 చొప్పున ధర చెబుదామనుకుంటున్నాను. నా షీట్ సరిగ్గానే ఉందా?

సమాధానం:

మీ గుణకారంలో తప్పు లేదు, కూడిక కూడా సరిపోయింది. అయినా ఈ షీట్‌ను నమ్మి ధర చెప్పకండి. ఇందులో కొన్ని ఖర్చులు తక్కువగా, ఒకటి ఎక్కువగా పడ్డాయి. అవి ఒకదాన్నొకటి కప్పుకోవడం వల్ల మొత్తం చూస్తే అనుమానం రాదు. సరుకుతో పాటు పెరిగే ఖర్చు, కడాయితో పెరిగే ఖర్చు, మనుషుల గంటలతో పెరిగే ఖర్చు, ఆర్డర్‌కు ఒక్కసారే వచ్చే ఖర్చు వేర్వేరు. మీరు అన్నింటికీ ఒకే గుణకం వాడారు. నేను మహబూబ్‌నగర్ వైపు ఇలాంటి యూనిట్లకు చాలా కాలంగా ఖర్చు లెక్కలు చూసి పెడుతున్నాను. పెద్ద ఆర్డర్ షీట్ ఎదురైనప్పుడు నేను మొదట చూసేది ధరలను కాదు, ఆ గుణకం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

మీ 17.14కు ఆధారం 7 కిలోల దిగుబడి. ఆ 7 కిలోలు కడాయిలోంచి తీసి జల్లెడలో వేసినప్పటి తూకమా, లేక ప్యాకెట్లలోకి వెళ్లిన సరుకు తూకమా అన్నది తేల్చుకోవాలి. మీరు 7 కిలోలకు పద్నాలుగు ప్యాకెట్లు రాశారంటే, విరిగినవి ఒక్కటీ లేవనీ, ప్రతి ప్యాకెట్‌లో సరిగ్గా 500 గ్రాములే పడ్డాయనీ అర్థం. సకినాల విషయంలో అది జరగదు. చుట్లు విడిపోయినవి, తీసేటప్పుడు విరిగినవి, అడుగున పొడిగా మిగిలినవి ఎంత జాగ్రత్తగా చేసినా ఉంటాయి. రోజూ కొట్లో అమ్మేటప్పుడు ఆ ముక్కలు ఇంట్లోనో, విడిగానో చెల్లిపోతాయి కనుక లెక్కకు రావు. పెండ్లి సారెకు ఇచ్చే ప్యాకెట్లలో విరిగినవి పెట్టలేరు. కాబట్టి రాబోయే ఒకటి రెండు బ్యాచ్‌లలో మూడు తూకాలు రాయండి: కడాయి నుంచి దిగినది, విరిగినవి తీసేశాక మిగిలినది, ప్యాకెట్ నింపాక సగటున అందులో ఉన్నది.

లెక్క చూపడానికి, 7 కిలోలలో 400 గ్రాములు విరిగి, ప్యాక్ చేయదగినది 6.6 కిలోలు ఉంటుందని అనుకుందాం. అరకిలో ప్యాకెట్‌లో తూకం తగ్గకూడదు కనుక చేయి కాస్త మొగ్గుతుంది. అది ప్యాకెట్‌కు 5 గ్రాములే అనుకున్నా 240 ప్యాకెట్లకు 121.2 కిలోల మంచి సరుకు కావాలి. 121.2ను 6.6తో భాగిస్తే 18.36 వస్తుంది. బియ్యం 91.8 కిలోలు అవుతుంది కనుక 92 కిలోలు తీసుకుని, గుణకాన్ని 18.4గా పెట్టుకోవచ్చు. మీ షీట్ ప్రకారం 85.7 కిలోల బియ్యమే కొంటే ప్యాక్ చేయదగిన సకినాలు 113 కిలోలే వస్తాయి, అంటే 224 ప్యాకెట్లు. మిగతా 16 ప్యాకెట్ల లోటు ఆఖరి రోజు సాయంత్రం ప్యాకింగ్ దగ్గర బయటపడుతుంది. అప్పుడు బియ్యం నానబెట్టి మళ్లీ మొదలుపెట్టే వ్యవధి ఉండదు.

ఇంకో జాగ్రత్త ఉంది. పెద్ద ఆర్డర్ కోసం మిల్లు నుంచి వేరే బియ్యం తెస్తే పాత దిగుబడి వర్తించకపోవచ్చు. కొత్త బియ్యం పాత బియ్యం కంటే తక్కువ నీరు పీలుస్తుంది. పిండి తడి మారితే చుట్టడం, విరగడం, నూనె పీల్చడం మూడూ మారతాయి. కొనబోయే బియ్యంతోనే ఒక 5 కిలోల బ్యాచ్ చేసి, ఆ తూకాలనే షీట్‌లో పెట్టండి.

బియ్యం, నువ్వులు, వాము, ఉప్పు మాత్రం నిజంగానే గుణకంతో పెరుగుతాయి. బ్యాచ్‌కు 372 రూపాయలు కనుక 18.4తో గుణిస్తే 6,845. మీ షీట్‌లో ఇది 6,377గా ఉంది. ఇక్కడ చూడవలసింది ఒక్కటే: వాము, ఉప్పు ఇప్పటిదాకా చేతి కొలతతో వేస్తుంటే ముందు వాటిని గ్రాముల్లో తూచి రాయండి, ఎందుకంటే చిన్న బ్యాచ్‌లో కనిపించని తేడా 18 రెట్లయ్యాక రుచిలోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు నూనె. మీ షీట్‌లో పెద్ద తప్పుల్లో ఇదొకటి, కానీ ఇది మీకు నష్టం చూపే వైపు కాదు, ఎక్కువ ఖర్చు చూపే వైపు ఉంది. మీరు బ్యాచ్‌కు 4 లీటర్లు రాశారు. ఆ 4 లీటర్లు కడాయిలో పోసినవి. అందులో సకినాలు పీల్చుకున్నది కొంత, పని అయ్యాక కడాయిలో మిగిలినది కొంత. పీల్చుకున్నది మాత్రమే సరుకుతో పెరుగుతుంది. మిగిలినది ఎన్ని కడాయిలు పెట్టారు, ఎన్నిసార్లు నూనె మార్చారు అన్న దాన్ని బట్టి ఉంటుంది. 120 కిలోల ఆర్డర్‌కు ప్రతి 5 కిలోల బియ్యానికీ కడాయి ఖాళీ చేసి కొత్తగా 4 లీటర్లు పోయరు. తగ్గినంత పోస్తూ వెళతారు.

పీల్చుకున్నది కనుక్కోవడం కష్టం కాదు. పోసే నూనెను ముందు తూచి, మధ్యలో కలిపినది కూడా తూచి రాసుకుని, చల్లారాక మిగిలినది తూచి తీసివేస్తే చాలు. 7 కిలోల సకినాలకు అది 1.7 కిలోలు వచ్చిందనుకుందాం, అంటే దిగిన సరుకులో సుమారు పావు వంతు. మీ సంఖ్య దీనికి చాలా దూరంగా వస్తే, ఎక్కువైనా తక్కువైనా, తూకం మళ్లీ చూడాలి. 18.4 బ్యాచ్‌లకు 31.3 కిలోలు. షీట్‌లో ధర లీటర్లలో ఉంది కనుక లీటర్లలోకి మార్చాలి. లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు, కాబట్టి ఇది 34.4 లీటర్లు. దీనికి పెద్ద కడాయిలు రెండింటిలో పని ముగిశాక మిగిలే నూనె కలపాలి. ఒక్కోదానిలో 12 లీటర్లతో మొదలుపెట్టి, చివరకు రెండింటిలో కలిపి 20 లీటర్లు మిగిలిందనుకుంటే, మొత్తం కొనవలసింది 54.4 లీటర్లు, 140 చొప్పున 7,616 రూపాయలు. మీ షీట్ 68.6 లీటర్లు, 9,600 రూపాయలు చూపుతోంది.

ఆ మిగిలిన 20 లీటర్లను తరువాతి బ్యాచ్‌ల ఖాతాలోకి తోసి ఈ ఆర్డర్ ఖర్చు తగ్గించుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. నేను పూర్తిగా ఈ ఆర్డర్ మీదే వేయమంటాను. రెండు రోజులు కాగిన నూనెకు విలువ ఉందని ముందే రాసుకుంటే, దాన్ని ఎలాగైనా వాడాలన్న ఒత్తిడి మనకు మనమే తెచ్చుకున్నట్లు. 2018 జూలై 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం నూనె కాగేకొద్దీ అందులో పెరిగే మొత్తం పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదు. దాన్ని కంటితో తేల్చలేం, కొలిచే పరికరమో పరీక్ష పట్టీయో కావాలి. వేయించడానికి రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే యూనిట్లు దాని రికార్డు రాసి ఉంచాలి, వాడిన నూనెను అధీకృత సేకరణదారులకే ఇవ్వాలి. మీ పనిని ఒకే రోజులో ముగించాలని చూస్తే 54 లీటర్లతో ఆ పరిధిలోకి వస్తారని గుర్తుంచుకోండి.

నూనె వరుసలో కొలత కూడా సరిచూడండి. హోల్‌సేల్ కొట్లో డబ్బా ధర చెబుతారు, అది 15 లీటర్ల డబ్బానా 15 కిలోల డబ్బానా అన్నది డబ్బా మీద చూస్తేనే తెలుస్తుంది. 15 కిలోల డబ్బాలో దాదాపు 16.5 లీటర్లు ఉంటుంది. 2,310 రూపాయల డబ్బాను 15తో భాగించి 154 అని లీటరు ధర గడిలో రాస్తే, నిజంగా 140 పడిన నూనెకు పది శాతం ఎక్కువ వేసినట్లు. 15 లీటర్ల డబ్బాను కిలోలనుకుంటే తప్పు అటు వైపు తిరుగుతుంది, అప్పుడు నష్టం మీది.

ఇక్కడ కాస్త ఆగి ముడిసరుకు, నూనె కలిపి చూడండి. మీ షీట్‌లో 15,977, సరిచేసిన లెక్కలో 14,461. అంటే మీ షీట్ 1,516 రూపాయలు ఎక్కువే చూపుతోంది. దినుసుల వరకే సరిచూసేవారు ఎవరైనా ‘లెక్క గట్టిగానే ఉంది, కాస్త మిగులుతుంది కూడా’ అని చెబుతారు. బియ్యం తక్కువ పడిన సంగతి నూనె ఎక్కువ పడిన లెక్కలో కలిసిపోయింది. అందుకే మొత్తం మీద మొత్తం పోల్చి ఊరుకోకూడదు, ప్రతి వరుసనూ విడిగా నిలబెట్టి చూడాలి.

అసలు గండి కూలి దగ్గర ఉంది. మీ చిన్న బ్యాచ్‌లో చుట్టే ఆమెకు మాత్రమే 300 ఇస్తున్నారు. వేయించడం, ప్యాకింగ్, పిండి పనులు మీరూ ఇంట్లోవాళ్లూ చేసుకుంటున్నారు కనుక వాటికి వరుసే లేదు. లేని వరుసను 17.14తో గుణించినా సున్నాయే. 120 కిలోలను ఇంట్లోవాళ్లు వేయించి ప్యాక్ చేయలేరు, మనుషులను పెట్టాలి.

చుట్టే పనిని కిలోలతో కాక కాయలతో లెక్కించండి. ఒక సకినం వేగాక 20 గ్రాములు ఉంటుందనుకుంటే, దిగవలసిన 128.8 కిలోలకు 6,440 సకినాలు. చేయి తిరిగిన మనిషి ఒకదాన్ని అర నిమిషంలో చుట్టవచ్చు, అంటే గంటకు 120. కానీ ఆ వేగం పొద్దున్నే ఉంటుంది. మధ్యాహ్నానికి నడుము, వేళ్లు నొప్పెడతాయి, కాబట్టి రోజంతటికీ సగటు 100కు మించి రాయవద్దు. అప్పుడు 64 గంటలు, అంటే నలుగురు రోజుకు 8 గంటల చొప్పున రెండు రోజులు. మీ దగ్గర సకినం సైజు వేరైతే పది సకినాలు తూచి సగటు తీసుకోండి. సన్నగా, చిన్నగా చుట్టే వాళ్లున్న చోట కూలి గంటలు గణనీయంగా పెరుగుతాయి.

పనిని రెండు రోజులకు విడగొట్టడానికి కారణం కూలీలు మాత్రమే కాదు. తడి పిండి నిలవ ఉంటే పులుస్తుంది, అందుకే ఏ రోజు పిండి ఆ రోజే పట్టించాలి. చుట్టినవి బట్ట మీద కొంత ఆరాకే కడాయిలో వేయాలి కనుక ఎంత స్థలం ఉందన్నది కూడా రోజువారీ పనిని కట్టడి చేస్తుంది. చుట్టేవారు నలుగురు రెండు రోజులు ఎనిమిది కూలి దినాలు, కడాయిల దగ్గర ఇద్దరు రెండు రోజులు నాలుగు, నానబెట్టడం, పిండి, అందివ్వడం చూసే మనిషి రెండు, ప్యాకింగ్‌కు ఇద్దరు ఒక రోజు రెండు, వెరసి పదహారు. దినానికి 600 అనుకుంటే 9,600 రూపాయలు. మీ షీట్‌లో 5,143 ఉంది. వీరిలో ఒకరో ఇద్దరో ఇంటివారే అయినా వరుసలో కూలి రాయండి, లేకపోతే ధర చెప్పేటప్పుడు వారి శ్రమను తెలియకుండానే కొనేవారికి ఉచితంగా ఇచ్చినట్లవుతుంది.

గ్యాస్ సంగతి తూకంతో తేలుతుంది. సిలిండర్‌ను పని ముందు, తర్వాత తూచండి. పెద్ద కడాయి వేడెక్కడానికే కొంత ఖర్చవుతుంది, కానీ ఒకసారి కాగాక వరుసగా పని నడుస్తుంది కనుక కిలోకు పడేది పెద్దగా మారదు. నేను 11 కిలోలు, కిలో 100 చొప్పున 1,100 పెట్టాను. పెద్ద కడాయి కదా అని ఒకేసారి ఎక్కువ సకినాలు దించితే మాత్రం నూనె వేడి పడిపోయి, వేగడానికి ఎక్కువ సేపు పట్టి, నూనె ఎక్కువ పడుతుంది. పైన చెప్పిన 1.7 కిలోల లెక్క అప్పుడు నిలవదు.

ప్యాకింగ్‌లో 240 కవర్లకు బదులు సీలింగ్‌లో చెడిపోయేవి కలిపి 250 తీసుకోండి, 1,250 రూపాయలు. కొట్లో అమ్మేటప్పుడు అక్కరలేని అట్టపెట్టెలు ఇప్పుడు కావాలి. సకినాలు తేలికైనవి, స్థలం ఎక్కువ తింటాయి, ఒత్తితే విరుగుతాయి. పెట్టెకు పది ప్యాకెట్ల చొప్పున 24 పెట్టెలు, 25 లెక్కన 600. మొత్తం 1,850. ఇక చిన్న బ్యాచ్‌లో అసలు లేని ఖర్చులు రెండు ఉన్నాయి: 92 కిలోలు ఇంటి గ్రైండర్‌తో అయ్యే పని కాదు కనుక గిర్నీలో కిలోకు 8 చొప్పున 736, మిర్యాలగూడకు ఆటో 800.

అన్నీ కలిపితే 6,845, 7,616, 1,100, 9,600, 1,850, 1,536, మొత్తం 28,547 రూపాయలు. కిలోకు 238. మీ లెక్కకు 5,198 రూపాయల తేడా. ధరలు, కూలి రేట్లు నేను ఊహించినవే, మీవి పెట్టుకుని మళ్లీ చూడండి. కానీ వరుసల తీరు ఇదే ఉంటుంది.

షీట్‌లో గుణకాన్ని చేత్తో 18.4 అని కొట్టకుండా, ఆర్డర్ కిలోలు, ప్యాకెట్ మొగ్గు, మంచి సరుకు దిగుబడి వేర్వేరు గడుల్లో పెట్టి అక్కడి నుంచి రప్పించండి. ఉదాహరణకు, `B8`లో ఒక బ్యాచ్ బియ్యం లెక్క ఉందనుకుంటే:

```
B1: 120
B2: 1.01
B3: 6.6
B4: =ROUNDUP(B1*B2/B3,1)
C8: =B8*$B$4
```

చివరి వరుసలో డాలర్ గుర్తులు మరిచిపోతే, సూత్రాన్ని కిందికి లాగినప్పుడు తర్వాతి వరుస `B4`కు బదులు `B5`ను పట్టుకుంటుంది. అక్కడ ఖాళీ గడి ఉంటే సున్నా వస్తుంది, ఏదైనా సంఖ్య ఉంటే తప్పు లెక్క వస్తుంది. రెండోదే ప్రమాదం, ఎందుకంటే చూడటానికి అది మామూలు సంఖ్యలాగే ఉంటుంది.

షీట్ పూర్తయ్యాక నేను తప్పక చేసే పరీక్షలు రెండు. `B4`లో తాత్కాలికంగా 1 పెట్టి, సరుకుతో పెరిగే వరుసలు మీ మామూలు బ్యాచ్‌లో నిజంగా తూచిన పరిమాణాలనే చూపుతున్నాయా అని చూస్తాను. ఆ తర్వాత 0 పెడతాను. అప్పుడు బియ్యం, నువ్వులు, పీల్చుకున్న నూనె సున్నా అవ్వాలి, కడాయిలో మిగిలే నూనె, ఆటో మాత్రం అలాగే నిలవాలి. మీ ఇప్పటి షీట్‌లో 0 పెడితే ఖర్చు మొత్తం సున్నా అవుతుంది. సరుకు చేయకపోయినా కదలని ఖర్చు ఒక్కటీ లేని షీట్ అంటే, అలాంటి ఖర్చులను ఎవరూ రాయలేదనే అర్థం.

విరిగిన 7 కిలోలకు పైగా సరుకును అమ్ముకోవచ్చు కదా అని దాని విలువను ఖర్చులోంచి ముందే తీసివేయకండి. కొనేవారు ఖాయమయ్యాక వచ్చిన డబ్బును విడిగా రాసుకోండి.

250 చొప్పున ఇస్తే వచ్చేది 30,000. ఖర్చు పోను మిగిలేది 1,453 రూపాయలు, అందులో గది అద్దె, మీ పర్యవేక్షణ ఇంకా కలపలేదు. ధర చెప్పిన తర్వాత నూనె లీటరుకు 10 రూపాయలు పెరిగితే 544 పోతుంది. కరెంటు పోయో, ఒక మనిషి రాకో చుట్టే పని మూడో రోజుకు జారితే, చుట్టేవారు, కడాయిల దగ్గరివారు, పిండి చూసే మనిషి కలిపి ఏడుగురికి ఒక్క రోజు కూలి 4,200 అదనంగా పడుతుంది, అంటే మిగులు పోయి చేతి నుంచి పెట్టుకోవలసి వస్తుంది. ఈ ఆర్డర్‌కు నేనైతే 290కి తక్కువ చెప్పను. నూనె ధర ఏ తేదీ వరకు లెక్కించానో కొటేషన్‌లోనే రాసి, బియ్యం, నూనె ఒకేసారి కొనడానికి సరిపడే అడ్వాన్సు చేతికి వచ్చాకే బియ్యం నానబెడతాను.